చెవిన పెట్టకూడని సలహాలు

భర్త కొట్టాడని ఒక ఆడమనిషి తల్లిగారింటికి వచ్చిన తెల్లారే సలహాలు మొదలవుతాయి. మేనమామ ఒకటి చెబుతాడు, కులపెద్ద ఒకటి చెబుతాడు, కోర్టుల చుట్టూ తిరిగి అలసిపోయిన పక్కింటాయన మరొకటి చెబుతాడు. వాళ్లలో చాలామంది ఆమె మంచి కోరేవాళ్లే. అయినా పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నేను పదేపదే విన్న సలహాల్లో ఎక్కువ భాగం తప్పు. చట్టానికి ఒకే తలుపు ఉందనీ, అందులోంచి వెళ్తే కాపురం పోతుందనీ అనుకోవడం వల్ల పుట్టినవే ఇవన్నీ.

తలుపులు రెండున్నాయి. ఒకటి 2005 నాటి గృహహింస చట్టం. ఈ చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర వేసే అర్జీని మన కోర్టుల్లో డీవీసీ అంటారు. అది సివిల్ స్వభావం ఉన్న కేసు. రక్షణ, ఇల్లు, డబ్బు, పిల్లలు దాని పరిధిలోకి వస్తాయి. రెండోది క్రిమినల్ కేసు. అందరికీ 498ఏగా తెలిసిన సెక్షనే 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. ఇక్కడ పోలీసులు దర్యాప్తు చేస్తారు, నేరం రుజువైతే మూడేళ్ల దాకా శిక్ష పడుతుంది. తాను ఇచ్చే ఉపశమనం మిగతా చట్టాలకు అదనమే తప్ప వాటికి బదులు కాదని గృహహింస చట్టం తన 36వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పుకుంది. కాబట్టి రెండూ ఒకేసారి నడవచ్చు.

సలహాల సంగతి తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహాజనితమైన కేసు తీసుకుందాం. ఆమె గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడి భార్య. తల్లిగారిది గోదావరి అవతల, మంచిర్యాల దగ్గర ఒక పల్లె. పెళ్లయి ఆరేళ్లయింది, ఒకటో తరగతి చదివే బిడ్డ ఉంది. ఆడబిడ్డ పెళ్లి దగ్గరపడ్డప్పటి నుంచి తల్లిగారి దగ్గర మూడు లక్షలు తెమ్మని గొడవ. ఒక ఆదివారం రాత్రి భర్త తాగొచ్చి బెల్టుతో కొట్టాడు. ఎడమ మోచేయి వాచింది. తెల్లారి బిడ్డను తీసుకుని తల్లిగారింటికి వచ్చేసింది.

“ఆస్పత్రిలో జారిపడ్డానని చెప్పు”

ఆమెకు అందరికంటే ముందు అందే సలహా ఇదే. సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టరు దెబ్బ ఎట్లా తగిలిందని అడుగుతాడు. ఆమె చెప్పిన జవాబును చీటీలోనూ, దెబ్బల కేసుల కోసం పెట్టిన రిజిస్టరులోనూ రాస్తాడు. కొట్టారని చెబితే అది మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసులకు సమాచారం వెళ్తుంది, తర్వాత గాయాల సర్టిఫికెట్ వస్తుంది. బాత్రూంలో జారిపడ్డానంటే అదే రాస్తాడు. ఏడాది తర్వాత క్రిమినల్ కేసులో ఆమెను అడ్డు ప్రశ్నలు అడిగే రోజున, అవతలి వకీలు అందరికంటే ముందు తీసేది ఆ చీటీనే.

డాక్టరుతో మూడు విషయాలు చెప్పాలి. కొట్టింది ఎవరు, దేనితో, ఎప్పుడు. “ఆదివారం రాత్రి పది దాటాక నా భర్త బెల్టుతో కొట్టాడు” అన్న ఒక్క వాక్యం చాలు. వాపు, కమిలిన మచ్చ రెండో రోజో మూడో రోజో ఇంకా బాగా తేలుతాయి. అందుకే ఫోటోలు ఆ రోజు తీసినా మళ్లీ తీయాలి. అవి తీసిన ఫోన్‌ను అమ్మకుండా, మార్చకుండా అట్లాగే ఉంచాలి. ఇప్పటికే జారిపడ్డానని చెప్పేసి ఉంటే కేసు పోయినట్టు కాదు. ఫిర్యాదులో ఆ సంగతి దాచకుండా, పక్కన అత్త నిలబడి ఉందనో, ఇంటికి వెళ్లాక మళ్లీ కొడతాడని భయపడ్డాననో కారణం తానే రాయాలి. ముందే చెప్పిన కారణాన్ని కోర్టు నమ్మే అవకాశం ఎక్కువ. అడ్డు ప్రశ్నల్లో దొరికిపోయాక చెప్పే కారణానికి ఆ బలం ఉండదు.

“ఒక్క కేసే పెట్టు, రెండు పెడితే జడ్జికి కోపమొస్తది”

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇది. దీన్ని విన్నవాళ్లలో చాలామంది పోలీసు కేసే పెడతారు. జైల్లో వేస్తే దారికొస్తాడని ఆశపడతారు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ఏడేళ్ల లోపు శిక్ష పడే ఈ రకం కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాతలో చూపాలి. లేకపోతే నోటీసు ఇచ్చి పంపుతారు. ఇప్పుడది కొత్త నాగరిక సురక్షా సంహితలో 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసు. అంటే మన కేసులో భర్త సోమవారం మధ్యాహ్నం స్టేషన్‌కు వెళ్లి, సంతకం పెట్టి, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. భార్య తన మీద కేసు పెట్టిందన్న కోపం మాత్రం కొత్తగా తోడవుతుంది. ఆ రాత్రి అతను గోదావరి బ్రిడ్జి దాటి తల్లిగారి వాకిట్లోకి రాకుండా ఆపే ఉత్తర్వు ఆ ఎఫ్ఐఆర్‌లో లేదు. బిడ్డ స్కూలు ఫీజు ఎవరు కట్టాలో, అద్దె ఎవరివ్వాలో కూడా ఆ కేసు తేల్చదు. జరిగిపోయిన నేరానికి శిక్ష ఉందో లేదో తేల్చడమే దాని పని.

రేపటి సంగతి చూసేది డీవీసీ. కాబట్టి రెండూ అదే వారంలో కదలాలి. సోమవారం దవాఖాన అయ్యాక స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇస్తే, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. గోదావరిఖనిలో జరిగిందాన్ని మంచిర్యాలలో తీసుకోం అని ఎవరైనా అంటే, తల దాచుకున్న చోటు నుంచి కూడా ఈ కేసు నడపొచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసుల పరంగా ఈ రెండు ఊళ్లూ ఒకే రామగుండం కమిషనరేటులో ఉన్నాయి. కోర్టులు మాత్రం వేర్వేరు జిల్లాలవి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాల్లో పోలీసులు డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు. కౌన్సెలింగ్ పేరుతో అంతకు మించి తిప్పుతుంటే, ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో పోలీసు కమిషనర్‌కు పంపాలి, ఆ తర్వాత మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. ఎట్లాగూ ఆ పద్నాలుగు రోజులూ డీవీసీ ఆగాల్సిన పని లేదు.

డీవీసీ అర్జీని జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా వేయొచ్చు, సఖి కేంద్రం సాయంతో వేయొచ్చు, వకీలును పెట్టుకుని నేరుగా మేజిస్ట్రేటు కోర్టులోనూ వేయొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆమె ఇప్పుడు తాత్కాలికంగా ఉంటున్న చోటు కోర్టుకూ అధికారం ఉంటుంది కాబట్టి మంచిర్యాలలో వేసుకోవచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసర్ రాసే గృహహింస నివేదిక ఉంటే మంచిదే. అది రాలేదని కోర్టు ఆగనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు ఉండాలనీ, మొత్తం కేసు అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టంలో ఉంది. నిజానికి అట్లా జరగడం అరుదు, ఎక్కువసార్లు ఆగేది నోటీసు దగ్గర. అతను ఇంట్లో లేడని కాగితం తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది, మళ్లీ తిరిగొస్తుంది. దీనికి మందు అర్జీలోనే ఉంది. ఇంటి చిరునామాతో పాటు అతను పనిచేసే గని పేరు, షిఫ్టు, ఫోన్ నంబరు రాయాలి. ఇంకో మందు, అర్జీతో పాటే అఫిడవిట్ వేసి 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగడం. ప్రమాదం ఉందని అఫిడవిట్‌లో కనిపిస్తే అవతలివాళ్లు రాకముందే మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. నోటీసు అందినా రాకపోతే ఎక్స్‌పార్టీగా తేల్చొచ్చు. డీవీసీ సివిల్ స్వభావం ఉన్నది కాబట్టి ప్రతి వాయిదాకూ అందరూ రావాలని పట్టుబట్టకుండా, రానివాళ్లను పక్కన పెట్టి విచారణ ముగించవచ్చని 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు కింది కోర్టులకు చెప్పింది. ఆ మాట ఇద్దరికీ మేలు చేసింది. గనిలో నాగా పడకుండా అతనికీ, పక్షవాతం వచ్చిన అత్తకు ప్రతిసారీ వారంటు పుట్టకుండా ఆ ఇంటికీ, వాయిదాలు సాగకుండా ఈమెకూ.

రెండు కేసుల్లో రుజువు కొలత కూడా వేరు. క్రిమినల్ కేసులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. డీవీసీలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. అందుకే 498ఏ కొట్టేసినంత మాత్రాన రక్షణ ఉత్తర్వు రద్దు కాదు. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన అతను నేరస్థుడైపోడు.

అయితే రెండూ కలిసే చోటు ఒకటుంది, అది ఆమె మాట. స్టేషన్ ఫిర్యాదులో బెల్టు అని, డీవీసీలో కట్టె అని ఉంటే రెండు కేసులూ ఒకేసారి బలహీనపడతాయి. అబద్ధం చెప్పాలని ఎవరూ అట్లా రాయరు. స్టేషన్‌లో రైటర్ రాస్తాడు, కోర్టులో గుమస్తా టైపు చేస్తాడు, ఆమె రెండింటి మీదా చదవకుండా సంతకం పెడుతుంది. ముందు ఒక నోటుబుక్కులో తేదీ, చోటు, ఏమన్నాడు, ఏం చేశాడు, ఎవరు చూశారు అన్నవి తనంతట తాను రాసుకుని, రెండు చోట్లా అదే ఇవ్వాలి. చదవడం రాకపోతే సంతకానికి ముందు చదివి వినిపించమని అడగాలి.

“ఎక్కువమంది పేర్లు రాస్తే కాళ్లబేరానికి వస్తరు”

రారు. 2024 డిసెంబర్ 10న తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో భర్త మీదా, అత్తింటివాళ్ల మీదా పెట్టిన 498ఏ కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పకుండా అందరినీ కలిపి ఆరోపించారన్నది ఒక ప్రధాన కారణం. నిజంగా హింస పడ్డ స్త్రీ మౌనంగా ఉండాలని తాము అనడం లేదని కూడా అదే తీర్పులో రాసింది. ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో తెలంగాణదే ఇంకో కేసులో దూరపు బంధువుల మీద క్రిమినల్ కేసుతో పాటు డీవీసీని కూడా ఎత్తేసింది.

మన కేసులో వరంగల్‌లో ఉండే మరిది, హైదరాబాద్‌లో ఉండే పెద్ద ఆడబిడ్డ పేర్లు రాయాలని మేనమామ పట్టుబడతాడు. రాస్తే వాళ్లు ముందు హైకోర్టుకు వెళ్తారు. అక్కడ స్టే వస్తే అసలు కేసు కూడా నిలిచిపోయే ప్రమాదం ఉంది. డబ్బు తెమ్మని రోజూ సతాయించిన అత్త ఉంటే, ఆమె ఏ పండక్కి ఏమందో, బియ్యం డబ్బా ఎప్పుడు తాళం వేసిందో రాయాలి. అలాంటి ఒక్క వాక్యం చేసే పనిని ఏడు పేర్ల జాబితా చేయలేదు.

“ఇల్లు మామ పేరు మీదుంది, నీకేం హక్కు?”

జగిత్యాల, సిరిసిల్ల వైపు భర్త దుబాయిలో ఉండి, కోడలు అత్తమామల దగ్గర ఉండే ఇళ్లలో ఈ మాట ఎక్కువ. ఒకప్పుడు దీనికి కొంత ఆధారముండేది. 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భర్తకు సొంతమో, అద్దెకు తీసుకున్నదో, ఉమ్మడి ఆస్తో అయితేనే కోడలికి అక్కడ ఉండే హక్కు. 2020లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని తప్పని తేల్చింది. పెళ్లయి కాపురమున్న ఇల్లు మామ పేరు మీదున్నా అది ఆమె ఉమ్మడి నివాసమే అవుతుంది.

దీనికి హద్దులు కూడా తెలియాలి. అది ఉండే హక్కే, ఇంటి మీద వాటా కాదు. ముసలి అత్తను బయటికి పంపమని కోర్టును అడగలేము, ఆడవాళ్లను ఇల్లు ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. ఒకే కప్పు కింద ఉండటం కుదరదనిపిస్తే, అంతే సౌకర్యమున్న వేరే ఇంటికి అద్దె కట్టమని ఆదేశించొచ్చు. మన గోదావరిఖని ఆమెకు ఈ అద్దె ఉత్తర్వే ఎక్కువ పనికొస్తుంది. బెల్టు పట్టినవాడి ఇంట్లోకి కోర్టు కాగితం పట్టుకుని తిరిగి వెళ్లమని నేనైతే ఎవరికీ చెప్పను.

“మనోవర్తి అన్ని కోర్టుల్లో అడుగు, ఒకదాని సంగతి ఇంకోదాంట్లో చెప్పకు”

అడగడం వరకు సరైనదే. డీవీసీలో 20వ సెక్షన్ కింద అడగొచ్చు, ఎంసీ అని పిలిచే మనోవర్తి కేసులో అడగొచ్చు, విడాకుల ఓపీ నడుస్తుంటే అందులోనూ అడగొచ్చు. దాచడమే తప్పు. ఇంకో కోర్టులో ఏదైనా ఉపశమనం దొరికితే ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెప్పి తీరాలని గృహహింస చట్టం 26వ సెక్షన్ అంటుంది. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ వేయాలనీ, ముందు వచ్చిన మనోవర్తిని తర్వాతి కోర్టు లెక్కలోకి తీసుకోవాలనీ చెప్పింది.

లెక్క ఇట్లా ఉంటుంది. డీవీసీలో నెలకు 8,000 మధ్యంతరంగా వచ్చిందనుకుందాం. ఆరు నెలల తర్వాత ఎంసీలో 12,000 ఇచ్చారు. మొదటిది కలుపుకునే ఈ 12,000 అని కోర్టు అంటే, ఆమెకు నెలకు వచ్చేది 20,000 కాదు, 12,000. ఎనిమిది వేల సంగతి దాచి 12,000 తీసుకుంటే, అది బయటపడ్డ రోజు ఆమె చెప్పిన మిగతావన్నీ అనుమానంలో పడతాయి. మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచి లెక్కించాలని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే నెల రోజులు ఆగి వేద్దామంటే ఒక నెల సొమ్ము పోయినట్టే.

సింగరేణి ఉద్యోగి భార్యకు ఇంకో సౌకర్యముంది. భర్త ఇవ్వకపోతే జీతంలో కొంత భాగాన్ని నేరుగా ఆమెకు ఇవ్వమనో, కోర్టులో కట్టమనో యజమానిని ఆదేశించే అధికారం 20వ సెక్షన్‌లోనే మేజిస్ట్రేటుకు ఉంది. అందుకు అతని ఎంప్లాయీ కోడ్, గని పేరు, పాత జీతం చీటీ ఒకటి చాలు. ఇల్లు వదిలి వచ్చే ముందు వీలైతే ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే ఏడాది కష్టం తప్పుతుంది. దుబాయి కంపెనీకి మన మేజిస్ట్రేటు ఉత్తర్వు చేరదు. అక్కడ భర్త ఉన్నవాళ్లు ఊళ్లో అతని పేరున ఉన్న భూమి సర్వే నంబర్లు, డబ్బు పంపే బ్యాంకు ఖాతా వివరాలు అర్జీలో పెట్టాలి. ఆస్తి అమ్మకుండా, ఖాతా కదల్చకుండా ఆపమని రక్షణ ఉత్తర్వులోనే అడగొచ్చు.

మొదటి అర్జీలో వీటిలో ఏదైనా రాయడం మరిచిపోతే కేసు ఎత్తేసి మళ్లీ వేయాలని కొందరు అంటారు. అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, ముందు వేసిన అర్జీలో లేని ఉపశమనాలను సవరణ ద్వారా చేర్చుకోవచ్చని 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

“బాండు పేపర్ మీద రాయించుకుందాం, చాలు”

పెద్దమనుషులు కూర్చుంటారు. రెండు వైపులా మాటలు అవుతాయి. ఇకపై తాగి కొట్టనని వంద రూపాయల బాండు పేపర్ మీద రాయించి, సాక్షి సంతకాలు పెట్టించి, ఆమెను మళ్లీ కాపురానికి పంపుతారు. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు గోండు గూడేల్లో ఇదే పని రాయి సెంటర్‌లో సార్‌మేడి ముందు జరుగుతుంది. వాళ్ల మాటకు గౌరవముంది, చాలా కొట్లాటలు అక్కడే చల్లారుతాయి కూడా. ఇబ్బంది మాట తప్పినప్పుడు వస్తుంది. ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే దాని మీద అరెస్టు చేసే సెక్షన్ ఏదీ లేదు.

అదే వాక్యం మేజిస్ట్రేటు ఉత్తర్వులో ఉంటే సంగతి వేరు. రక్షణ ఉత్తర్వును, అది మధ్యంతరమైనా సరే, ఉల్లంఘించడం 31వ సెక్షన్ కింద నేరం. ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిలు హక్కుగా రాదు, ఆమె ఒక్కతి సాక్ష్యం మీద కూడా నేరం జరిగిందని కోర్టు నిర్ణయించవచ్చు. సివిల్‌గా మొదలైన కేసు క్రిమినల్‌గా మారేది ఇక్కడే. వీలైనంత వరకు ఆ ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేటే ఉల్లంఘననూ విచారిస్తారు, సంగతులు బయటపడితే 498ఏ అభియోగాన్నీ అందులోనే చేర్చవచ్చు.

ఈ బలమంతా ఉత్తర్వులో వాడిన మాటల మీద ఆధారపడుతుంది. భార్యను హింసించరాదు అని మాత్రమే రాస్తే, వాకిట్లో నిలబడి బూతులు తిట్టడం హింసేనా కాదా అన్న వాదన మొదలవుతుంది. అందుకే అర్జీలోనే చోట్లు అడగాలి. మంచిర్యాల దగ్గరి ఫలానా పల్లెలో తల్లిగారి ఇంటికి రాకూడదు, బిడ్డ చదివే బడి దగ్గరికి రాకూడదు, ఆమె బీడీలు ఇచ్చే కార్ఖానాకు పోకూడదు, ఆమెకూ ఆమె తమ్ముడికీ ఫోన్ చేయకూడదు, మెసేజీ పంపకూడదు. ఇట్లా ఉంటే కానిస్టేబులుకు కూడా అనుమానం ఉండదు. ఉత్తర్వు కాపీ ఆమెకూ, అవతలివాళ్లకూ, పరిధిలోని స్టేషన్‌కూ ఉచితంగా ఇవ్వాలి. మన కేసులో రెండు స్టేషన్లకు వెళ్లిందో లేదో ఆమె స్వయంగా చూసుకోవాలి. అతనికి అందినట్టు రుజువు ఉండాలి, లేకపోతే నాకు తెలియదనే మాట పనిచేస్తుంది. అతను వాకిట్లోకి వస్తే వెంటనే 112కు ఫోన్ చేయాలి. తర్వాత సంతకం పెట్టిన రాతలో స్టేషన్‌కో, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కో, నేరుగా మేజిస్ట్రేటుకో ఇవ్వాలి. మనోవర్తి డబ్బు కట్టకపోవడం ఈ 31 కిందికి రాదని పలు హైకోర్టులు అన్నాయి, దానికి వసూలు పిటిషన్ వేరే వేయాలి.

మన తెగలకు ఈ చట్టం వర్తించదు అని గూడేల్లో కొందరు చెబుతారు. వాళ్లకు గుర్తున్నది హిందూ వివాహ చట్టం. అది కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు, కాబట్టి విడాకుల పద్ధతి ఆచారం మీద నడుస్తుంది. గృహహింస చట్టంలో గానీ, సంహిత 85లో గానీ ఆ మినహాయింపు లేదు. గోండు, కోలాం, లంబాడా, ఏ స్త్రీ అయినా డీవీసీ వేయొచ్చు, రాయి సెంటర్‌లో తీర్పు అయిన తర్వాత కూడా వేయొచ్చు.

పంచాయితీ మీద పంచాయితీ పెడుతూ ఏళ్లు గడిపేవాళ్లు ఒక తేడా గమనించాలి. డీవీసీ అర్జీకి కాలపరిమితి లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 498ఏ లేదా 85కి మూడేళ్ల గడువుంది. హింస ఆగిపోయిన మూడేళ్ల తర్వాత క్రిమినల్ తలుపు చాలావరకు మూసుకుపోతుంది, సివిల్ తలుపు తెరిచే ఉంటుంది.

“రాజీ అయింది కదా, అన్నీ వాపసు తీసుకో”

రాజీ పడాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పడాలనుకుంటే ఒక్కో కేసు ఒక్కో తీరుగా ముగుస్తుందని తెలిసి పడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 సవరణ ద్వారా 498ఏను కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు కల్పించారు. కానీ అడిగిన రోజే ఒప్పుకోరు. కనీసం మూడు నెలలు గడవాలి, ఆ మధ్యలో ఇద్దరిలో ఎవరూ వెనక్కి పోకూడదు. ఆ మూడు నెలలు భర్త మాట నిలబెట్టుకుంటాడా లేదా చూడటానికి పెట్టినవి, వాటిని వాడుకోవాలి. 2024 జులై తర్వాతి నేరాలకు కొత్త సంహిత వర్తిస్తుంది. అందులో రాజీ పడదగ్గ నేరాల పట్టికలో 85 లేదు, కాబట్టి హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాల్సి వస్తుంది. ఇవన్నీ తెలియకుండా, కోర్టులో సాక్ష్యం మార్చి చెప్పి కేసు ఓడిపొమ్మని చెప్పే పెద్దమనుషులున్నారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన భారం ఆమె మీద పడుతుంది. రేపు మళ్లీ కొడితే అదే సాక్ష్యం ఆమెకు ఎదురొస్తుంది.

డీవీసీని క్రిమినల్ కేసుతో కలిపి ఒకే సంతకంతో ఎత్తేయక్కర్లేదు. రాజీ షరతులను, అంటే బిడ్డ పేరున వేసే డబ్బు, వేరు కాపురం, తాగి రాకపోవడం, వీటిని డీవీసీలోనే ఉత్తర్వుగా రాయించుకోవచ్చు. రక్షణ ఉత్తర్వుకు చట్టం తేదీ పెట్టలేదు. 25వ సెక్షన్ ప్రకారం ఆమె తానుగా రద్దు కోరేదాకా అది అమలులో ఉంటుంది. పరిస్థితులు మారాయని అతను అర్జీ పెట్టుకుంటే మేజిస్ట్రేటు కారణాలు రాసి మార్చవచ్చు. మన గోదావరిఖని ఆమె మళ్లీ కాపురానికి వెళ్లినా ఆ ఉత్తర్వు రద్దు కోరకుండా వెళ్లొచ్చు. దాని కాపీ ఒకటి తల్లిగారింట్లో, ఒకటి స్టేషన్‌లో ఉంచి వెళ్లాలి.